రెండు జవాబుల సుడోకు

పత్రికకు సుడోకులు కట్టే ఆయన ఒక్కో అంకె తీసేస్తూ, ప్రతిసారీ జవాబు ఒక్కటే వస్తోందా అని సరిచూసేవాడు. ఆనక భార్య పూరించి చూస్తేనే అచ్చుకు పంపేవాడు. ఆవిడ పోయిన నెలకు, ఏదీ సరిచూడకుండానే ఒకటి పంపేశాడు.

అది అచ్చయిన రోజు పొద్దున్నే ఓ ముసలావిడ ఫోన్ చేసింది.

"బాబూ, చివరికి నాలుగు గళ్లు మిగిలాయి. రెండు అడ్డవరసలు, రెండు నిలువువరసలు, రెండు పెట్టెల్లోనే ఉన్నాయి. వాటిలో నాలుగూ ఏడూ తారుమారు చేసినా సరిపోతోంది. ఏది రాయను?"

"తప్పు నాదేనమ్మా. ఆ నాలుగింట్లో ఒక అంకె నేనే ఇచ్చి ఉండాల్సింది."

పరువు పోయిందన్న దిగులు కూడా ఆయనకు కలగలేదు.

"రేపటిది అచ్చుకు ముందు మీరు పూరించి చూస్తారా? మా ఇంట్లో చూసే మనిషి పోయింది."

ఆ మాట పైకి అనడం అదే మొదలు.

"పంపు నాయనా," అందావిడ.