గులాబీ రంగు లడ్డూ

శంషాబాద్ మెయిన్ రోడ్డు మీద మాకు ఫ్లెక్సీల షాపు ఉంది. పుట్టినరోజుల నుంచి సంతాపాల దాకా వాటి మీద మాటలన్నీ నేనే రాస్తాను. ఇన్నేళ్లు రాసి రాసి నాకొక జబ్బు పట్టుకుంది. ఏ మనిషినైనా, ఏ వస్తువునైనా పొగడకుండా చెప్పలేను. ముఖం కూడా తెలియని మనిషిని ప్రజల గుండె చప్పుడు అనేసి మధ్యాహ్నం అన్నం తినేస్తాను. ఈ జబ్బు వల్ల నాకు నష్టం జరిగింది ఒక్క లడ్డూ దగ్గరే.

మా గల్లీ వినాయకుడి లడ్డూకి బాలాపూర్ లడ్డూ అంత పేరు లేదు గానీ మావాళ్ల పౌరుషానికి అది చాలు. ఏటా వేలంపాట గెలిచినవాళ్ల ఫోటో ఫ్రేము కట్టించి ఉత్సవ సంఘం గదిలో తగిలిస్తారు. గోడ నిండా మగవాళ్లే, ప్రతి ఫోటోలోనూ లడ్డూ ఉంటుంది. మొన్నటి చవితికి మాత్రం పాట గెలిచింది ఒక ఆడమనిషి. ఎయిర్‌పోర్టు రోడ్డు పక్కన క్యాబ్ డ్రైవర్లకు టిఫిన్ బండి నడిపే అక్క. సంఘం పెద్దలు చప్పట్లు కొట్టారు, కొట్టక తప్పదు కదా. కానీ లడ్డూ స్వామి చేతిలోంచి దిగగానే మగవాళ్లంతా ఒకరి తర్వాత ఒకరు దాన్ని నెత్తికెత్తుకున్నారు. ఫోన్లన్నీ అటే తిరిగాయి. డప్పులూ తోపులాటా దాటుకుని అది అక్క దగ్గరికి వచ్చేసరికి సగం ప్రసాదంగా పంచేశారు. ఆమెకు మిగిలింది ఒకే ఒక్క ఫోటో. వెనక వినాయకుడు, ముందు దండం పెట్టుకుని అక్క, స్వామి అరచేయి ఖాళీ.

ఆదివారం ఫ్రేము తగిలించాలి. గురువారం పొద్దున అక్క బండి కట్టేసి మా షాపుకొచ్చింది.

"అందరి ఫోటోల్ల లడ్డుంది, నా దాంట్ల లేదు. రేపు చూసేటోళ్లు ఏమనుకుంటరు చెల్లె? దండం పెట్టుకోనీకె వచ్చిందనుకుంటరు," అంది.

నాకు చాలా కోపం వచ్చింది. ఆమె మీద కాదు, లడ్డూ నెత్తికెత్తుకున్నవాళ్ల మీద. సాయంత్రానికి చేసిస్తానని మాటిచ్చేశాను.

మొదట ఆ మగవాళ్లు దిగిన ఫోటోలోంచి లడ్డూ కత్తిరించి అతికించి చూశాను. దాని మీద ఫ్లాష్ పడి తెల్లగా ఉంది, పైగా నాలుగు వేళ్లు అడ్డం. తెచ్చి అంటించినట్టే కనబడింది. ఇంకో దారి ఉంది. ఫోటోలో కావలసిన మేర బ్రష్షుతో పూసి, అక్కడ ఏముండాలో మాటల్లో రాస్తే, మా సాఫ్ట్‌వేర్ చుట్టుపక్కల చూసుకుని ఆ వస్తువును కల్పించి పెడుతుంది. పూసిన చోటు తప్ప మిగతాది ముట్టుకోదు. నేను స్వామి అరచేతి మీద గుండ్రంగా పూసి, చేతనైన ఇంగ్లీషులో రాశాను: పరమ పవిత్రమైన, దివ్య తేజస్సుతో ప్రకాశించే మహాప్రసాద లడ్డూ.

అది నా మాటను అక్షరాలా పాటించింది. అరచేతిలో సూర్యోదయమైంది. లడ్డూ చుట్టూ కిరణాలు, కిరణాల చుట్టూ పొగ. సరిగ్గా అప్పుడే సంఘం అధ్యక్షుడు తన ఫ్లెక్సీ కోసం వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. మస్తుంది, ఇదే ఖాయం చెయ్యమన్నాడు. లడ్డు గిట్ల మండితే దేవుని చెయ్యి కాలదా అని అక్క అడిగింది.

దివ్యం తీసేశాను. పెద్దది, అందమైనది, నోరూరించేది అని రాశాను. ఈసారి వెండి పళ్లెంలో అయిదు చిన్న లడ్డూలు, పైన పిస్తా పలుకులు, పక్కన గులాబీ రేకులు వచ్చాయి. మిఠాయి దుకాణం ప్రకటనలో ఉన్నట్టు తెల్లటి మెత్తని వెలుగు. మా పందిట్లో అలాంటి వెలుగు ఎన్నడూ లేదు. పది సార్లు మార్చాను, పది రకాల పెళ్లి భోజనాలు చూశాను.

అక్క నా పక్కకు స్టూలు లాక్కుంది. "పొగుడుడు బంద్ చెయ్యి చెల్లె. కండ్లకు ఏం కనబడ్డదో అది రాయి."

ఆమె చెప్పింది, నేను రాశాను. లడ్డూ ఒక్కటే. అయిదు కిలోల బియ్యం వండే గిన్నె అంత ఉంటుంది. లావు బూందీ, గింజ గింజా విడిగా తెలుస్తుంది. చేత్తో అదిమింది కాబట్టి నున్నగా గుండ్రంగా ఉండదు. ఇన్ని రోజులు ఒకేచోట కూర్చుంది కాబట్టి అడుగున కొంచెం చదును. జీడిపప్పు పైవైపే. మీద పల్చటి ప్లాస్టిక్ కవరు, దాని ముడతలన్నీ కిందికి చేరాయి. రోజూ బండి మీద పిండీ నూనే చూసే మనిషి చూపది. పదకొండు రోజులు అదే పందిట్లో హారతి కళ్లకద్దుకున్న నాకు అందులో ఒక్కటీ గుర్తులేదు. నిజంగా సిగ్గేసింది.

లడ్డూ వచ్చింది. ముగ్గురం గుర్తుపట్టాం. కానీ అది మిట్టమధ్యాహ్నం ఎండలో పెట్టినట్టు పసుపుపచ్చగా ఉంది, పైగా గాల్లో తేలుతోంది. తేలడం నా తప్పే. లడ్డూ మేరకే పూశాను, దాని నీడ పడటానికి చోటు వదల్లేదు. అరచేయి అంచుల దాకా పూతను పెంచాను. ఇక వెలుగు. ఫోటోలో ఎడమవైపు గుంజకు గులాబీ రంగు లైట్లు చుట్టి ఉన్నాయి, పైన ఒక ట్యూబులైటు. అదంతా రాస్తే లడ్డూ గులాబీ రంగుకు తిరిగింది.

అధ్యక్షుడు ఒప్పుకోలేదు. లడ్డు అన్నంక పసుపు పచ్చగ ఉండాలె, గిట్లుంటే గులాబీ పార్టీ లడ్డు అంటరు, జర రంగు మార్చుమన్నాడు.

అక్క తెర మీద తన చీర చూపించింది. "గీ చీర ఏం రంగన్నా?"

గులాబీ అన్నాడాయన. అక్క తన భుజం మీది కొంగు లాగి ఆయన ముందు పెట్టింది. అదే చీర కట్టుకొచ్చింది, అచ్చ పసుపు రంగు. గా లైట్ల కింద నా చీర గులాబి అయితే లడ్డు ఎట్ల పచ్చగుంటదని అడిగింది. అధ్యక్షుడు ఫ్యాను వైపు చూశాడు.

నేను మళ్లీ రాశాను. పసుపు బూందీ, ఎడమవైపు గులాబీ వెలుగు, కవరు పైన ట్యూబులైటు తెల్లటి గీత, కుడివైపు మసక గోధుమరంగు, అడుగున అరచేతి మీద చిక్కటి నీడ, ఫోన్లో తీసిన ఫోటో, స్వామి చేయి ఎంత మసగ్గా ఉందో అంతే మసక. ఒక్క పొగడ్త లేదు. రాస్తుంటే ఎవరినో తిడుతున్నట్టే ఉంది. నాలుగు బొమ్మలొచ్చాయి. మూడోది కుదిరింది. ఎంత కుదిరిందంటే అధ్యక్షుడు ఇది ముందే ఉందా అన్నాడు.

అప్పుడు గానీ మా చూపు ఆ చేతి మీది నుంచి కిందికి దిగలేదు. కింద అక్క ముఖం ఉంది. దండం పెట్టుకున్న చేతుల పైన కళ్లు పక్కకు, లడ్డూ ఎత్తుకున్న మగవాళ్లున్న వైపు తిరిగి, ఎర్రటి మిరపకాయల్లా ఉన్నాయి.

లడ్డూ గెలిచినామె ఇంత కోపంగా ఉంటే బాగుండదు, కొంచెం నవ్వు కూడా పెట్టేయమన్నాడు అధ్యక్షుడు. నాకూ అదే సబబనిపించింది. బ్రష్షు తీసుకుని ఆమె పెదవుల మీద పూయడం మొదలుపెట్టాను.

అక్క నా చెయ్యి పట్టుకుంది.

"మొకం ముట్టకు చెల్లె. లడ్డంటే మీరు పెట్టిన్రు. గా కోపం నేను గెలిచినదే."

బ్రష్షు పక్కన పెట్టి ఫోటోను ప్రింటుకు పంపాను. అధ్యక్షుడు తన ఫ్లెక్సీ సంగతి అడగకుండానే వెళ్లిపోయాడు.