నీళ్ళా, నీల్లా

ఆ నలభై సెకన్ల ఫోన్ కాల్‌ని ఎన్నిసార్లు విన్నానో నాకే లెక్క లేదు. "రేయ్, వినపడుతోందా? ఆ కుడి చెయ్యి నరికి బందరు కాల్వ నీల్లల్లో పడేస్తా. మీ వాల్లొచ్చి ఏరుకోవాల." మధ్యలో బూతులున్నాయి, అవి రాయను. ఆ కాల్ తన ఫోన్‌కు వచ్చిన మూడో రోజున, గవర్నర్‌పేటలో లాడ్జి నడుపుకునే ఒకాయన్ని ఆ లాడ్జి మెట్ల మీదే, మొహానికి గుడ్డ కట్టుకున్న మనిషి కత్తితో నరికాడు. కుడి చెయ్యి మణికట్టు దగ్గర తెగి రెండో మెట్టు మీద పడింది. పోలీసులు ఆ ఫొటో కూడా ఫైల్లో పెట్టి నాకు పంపారు. గొంతులు పోల్చేవాడికి తెగిన చెయ్యి ఫొటో దేనికయ్యా అని ఫోన్ చేసి అరిచాను. "చూస్తే మీకూ సీరియస్‌నెస్ తెలుస్తుందని సార్" అన్నాడు ఎస్సై. ఒళ్ళు మండిపోయింది. అలాంటివి చూశాక చెవి నిజం వినదు, వినాలనుకున్నది వింటుంది.

నాది ఫోరెన్సిక్ ల్యాబ్‌లో ఆడియో విభాగం. కాల్‌లో ఉన్న గొంతునూ పోలీసులు పట్టుకొచ్చిన మనిషి గొంతునూ పక్కపక్కన పెట్టి చూడటం నా ఉద్యోగం. ఈ కేసులో పట్టుకొచ్చింది ఇరవై ఆరేళ్ళ ఏసీ మెకానిక్‌ని. లాడ్జిలో రిపేరు దగ్గర మాటా మాటా పెరిగి, లాడ్జి ఆయన నలుగురిలో అతని చెంప పగలగొట్టాడట. "నీ సంగతి చూస్తా" అని అతను అరిచాడట. ఇక కత్తి దొరకలేదు. మొహం ఎవరూ చూడలేదు. సిమ్ ఎవరి పేరుతోనో ఉంది. మిగిలింది గొంతు ఒక్కటే.

మేజిస్ట్రేటు ఉత్తర్వు తీసుకుని శాంపిల్ కోసం అతన్ని నా దగ్గరికి తెచ్చిన రోజున, అతని కింది పెదవి వాచి నల్లగా ఉంది. ఒక పన్ను కదులుతోంది. "ఏమైందయ్యా?" అంటే కానిస్టేబుల్ వైపు చూసి "బాత్‌రూంలో జారిపడ్డా సార్" అన్నాడు. ఆ అబద్ధం అతనిది కాదని పసిపిల్లలకైనా తెలుస్తుంది. "వాచిన నోటితో మాట్లాడిస్తే శాంపిల్ ఎందుకు పనికొస్తుంది? పెదవి మానేదాకా ఒంటి మీద చెయ్యి వేస్తే, మీరే కొట్టి చెడగొట్టారని రిపోర్టులో రాస్తా!" అని ల్యాబ్ దద్దరిల్లేలా అరిచి వెనక్కి పంపేశాను. బయట బెంచీ మీద వాళ్ళమ్మ కూర్చుని ఉంది. నల్ల బురఖా, చేతిలో టిఫిన్ క్యారియర్. నేను అరవడం విని నాకు దణ్ణం పెట్టింది. ఆ దణ్ణానికి నేను లోలోపల పొంగిపోయాను, అబద్ధమెందుకు.

రెండు వారాల తర్వాత శాంపిల్ తీసుకున్నాను. చదివించాను, మామూలుగా మాట్లాడించాను, అదే మాటల్ని ఫోన్లో అరిపించాను. అరిచినప్పుడు గొంతు స్థాయి పెరుగుతుంది కాబట్టి అరుపును అరుపుతోనే పోల్చాలి. ఫోన్ లైను గొంతులోని కింది పౌనఃపున్యాల్ని, పై వాటిని కోసేస్తుంది. స, శ లాంటి శబ్దాల్లో పనికొచ్చేదంతా పోతుంది. మధ్యలో మిగిలేవి ఫార్మెంట్లు. అంటే నోరు, గొంతు ఆకారాన్ని బట్టి బలంగా పలికే పౌనఃపున్యాలు. ళ అన్నప్పుడు నాలుక మడత పడుతుంది, మూడో ఫార్మెంటు కిందికి దిగుతుంది. కాల్‌లో 'నీల్లల్లో', 'వాల్లు' అన్నచోట అది దిగలేదు. ఈ కుర్రాడి మాటల్లోనూ దిగలేదు. అచ్చుల కొలతలు కూడా దగ్గరగా వచ్చాయి.

పోలికొక్కటే చాలదు. రెండు చొక్కాలూ తెల్లగా ఉన్నంత మాత్రాన ఒకే బీరువాలోవి అయిపోవు. ఊళ్ళో ఎంతమందికి తెల్ల చొక్కాలున్నాయో కూడా చూడాలి. ఒకే మనిషి మాట్లాడి ఉంటే ఈ కొలతలు ఇలా రావడానికి ఎంత అవకాశం, వేరెవరో మాట్లాడి ఉంటే ఎంత అవకాశం? మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే వచ్చేదాన్ని సంభావ్యతా నిష్పత్తి అంటాం. ఆ 'వేరెవరో' ఎలా మాట్లాడతారో తెలియడానికి మా దగ్గర భద్రపరచిన కొంతమంది మగవాళ్ళ రికార్డింగులున్నాయి. వాటితో లెక్క కట్టాను. మూడు వందల ఎనభై వచ్చింది. రిపోర్టు రాసి సంతకం పెట్టాను. ఆ రిపోర్టు చూపించి బెయిలు రాకుండా చేశారు. కుర్రాడు జైల్లో పడ్డాడు.

ఏడాది దాటాక ఒక ఆదివారం పొద్దున మా అన్నయ్య ఫోన్ చేశాడు. "మూడ్రోజుల్నుంచి నీల్లు లేవురా ఇంట్లో! మున్సిపాల్టీ వాల్లు ఫోనే ఎత్తట్లేదు!" అని అరుస్తున్నాడు. నేను ఆ 'నీల్లు' దగ్గరే ఆగిపోయాను. "ఉన్నావా, చచ్చావా?" అన్నాడు. యా అల్లా, ఇంకోసారి అను అన్నయ్యా, అన్నాను. "ఏంటి అనేది? నీల్లు లేవ్ అంటున్నా!"

మా వీధిలో సగం మంది అలాగే అంటారు. ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు. ఉర్దూలో ళ లేదు. నేనూ అలాగే అనేవాణ్ణి. ఐదో తరగతిలో తెలుగు మాస్టారు నా పిడికిలి బల్ల మీద పెట్టించి, కర్ర స్కేలు అంచుతో కణుపుల మీద కొట్టేవాడు. నీల్లు అంటే దెబ్బ, వాల్లు అంటే దెబ్బ. రక్తం కారి నోటుబుక్కు మీద పడితే, అది తుడుచుకుని మళ్ళీ అనమనేవాడు. ఆ యేడు చివరికి నా నాలుక తిరిగింది. ఎంత బాగా తిరిగిందంటే, నేనెక్కడివాణ్ణో నాకే గుర్తు లేకుండా పోయింది. మా ల్యాబ్ రికార్డింగుల్లో ఉన్నవాళ్ళంతా ళ పలికేవాళ్ళే, కాలేజీ హాస్టళ్ళలో మైకు ముందు మాట్లాడినవాళ్ళు. వాళ్ళ మధ్య పెడితే ఈ కుర్రాడి ల వింత. మా వీధిలో పెడితే అది గాలీ వెలుతురూ అంత మామూలు. తల కొట్టేసినట్టయింది.

మూడు వారాలు మా వీధి వాళ్ళ చేత, చుట్టాల చేత, గుణదలలో ఉండే మా బావమరిది స్నేహితుల చేత ఫోన్లో అరిపించి రికార్డు చేశాను. నాకు పిచ్చెక్కిందనుకున్నారు. వాటితో లెక్క మళ్ళీ కడితే నిష్పత్తి ఐదు దగ్గర ఆగింది. అదీ ముప్పై చిల్లర మందితో తేలిన అంకె. ఇంకో ముప్పై మందిని తెస్తే కొంత అటూ ఇటూ అవుతుంది. అనుబంధ రిపోర్టు రాసి, మొదటిది తప్పని ఒప్పుకుని కోర్టుకు పంపాను.

సర్కారు తరఫు ప్లీడరు కోర్టు వరండాలోనే నా చొక్కా పట్టుకున్నంత పని చేశాడు. "ఆయన చెయ్యి పోయిందండీ! మీరొచ్చి ళకారం, లకారం అంటారా? మీవాడని కాపాడుతున్నారా?" నా చెయ్యి లేచింది. ఎలా ఆపుకున్నానో తెలియదు. "మొదటి రిపోర్టులో ముంచినప్పుడు ఎవరివాడండీ?" అని మాత్రం అడిగాను.

ఆ ప్లీడరే నన్ను బోనులో అరగంట నిలబెట్టాడు. "మూడు వందల ఎనభై అన్నారు. అంటే నేరం చేసింది ఇతనే అనడానికి మూడు వందల ఎనభై వంతులు, కాదనడానికి ఒక వంతు. అంతేగా?" "కాదండి. ఆ అంకె కొలతల గురించి చెబుతుంది, మనిషి గురించి కాదు. ఇతనేనా అని తేల్చాలంటే మిగతా సాక్ష్యమంతా చూడాలి. అది కోర్టువారి పని. పైగా ఆ అంకె తప్పు." లాడ్జి ఆయన ముందు వరసలో కూర్చుని, మొండి చెయ్యి పైకెత్తి నాకు చూపించాడు. "ఆ గొంతు నా చెవిలో ఇప్పటికీ మోగుతోందయ్యా! అది వీడే!" అని అరిచాడు. జడ్జిగారు ఆయన్ని కూర్చోబెట్టి నన్ను అడిగారు. "ఒక్క మాటలో చెప్పండి. ఆ గొంతు ఇతనిదా, కాదా?" చెప్పలేనండి, అన్నాను. అవునని చెప్పలేను, కాదని అంతకన్నా చెప్పలేను.

తీర్పు రోజున నేను వేరే కేసులో సాక్ష్యానికి అక్కడే ఉన్నాను. కేసు కొట్టేశారు. మధ్యాహ్నం మూడు దాటింది. కుర్రాడు తల్లి చెయ్యి పట్టుకుని గేటు దాటాడు. నేను పది అడుగుల వెనకున్నాను. చల్లపల్లి నుంచి వచ్చిన లాడ్జి ఆయన తమ్ముళ్ళు ఇద్దరు ఆటో చాటు నుంచి వచ్చారు. మొదటి వేటు భుజం మీద పడింది, రెండోది మెడ మీద. కుర్రాడు తల్లిని పక్కకు తోసి రోడ్డు మీద పడ్డాడు. జనం పరుగు. నా వెనక నుంచి ఒక కేక వినిపించింది. "కాళ్ళూ నరకండ్రా!" వాళ్ళు మళ్ళీ నరికారు. ఆ తల్లి కొడుకు మీద పడి, కారుతున్న రక్తాన్ని రెండు చేతులతో లోపలికి తోస్తోంది. నేను కదల్లేదు. అంబులెన్సు వచ్చేసరికే ప్రాణం పోయింది.

తమ్ముళ్ళు కత్తులతో సహా దొరికారు. ఎగదోసిన వాడెవడన్నదే మిగిలింది. "మీరు గొంతుల ఎక్స్‌పర్టు కదండీ. ఆ కేక ఎవరిది?" అన్నాడు ఇన్స్‌పెక్టరు, స్టేషన్లో కాగితం ముందు పెట్టుకుని. గోడ దగ్గర బెంచీ మీద ఆ తల్లి కూర్చుంది. బురఖా రక్తంతో బిరుసెక్కి ఉంది.

ఆ కేక లాడ్జి ఆయనదే. నా చెవి అదే చెప్పింది, ఇప్పటికీ అదే చెబుతోంది. కానీ వెనక నుంచి, గందరగోళంలో వినిపించిన రెండు మాటలు. రికార్డింగు లేదు. కొలవడానికి ఏమీ లేదు. పైగా ఆయన మీద నాకు ముందే కోపం ఉంది. కోర్టులో ఆయన చెవి వినాలనుకున్నదే వింటోందని అనుకున్నవాణ్ణి నేనే.

"రాసుకోండి. లాడ్జి ఆయన గొంతులా అనిపించింది. ఖాయంగా చెప్పలేను" అన్నాను.

ఇన్స్‌పెక్టరు పెన్ను కింద పెట్టాడు. "అలా రాస్తే ఆయన మీద కేసు నిలవదండీ."

ఆ తల్లి లేచి నా దగ్గరకొచ్చింది. అరవలేదు. "బేటా, నా కొడుకు జైల్లో పద్నాలుగు నెల్లు నీ ఒక్క కాయితం మీద ఉన్నాడు. వాన్ని చంపించినోడికి ఒక్క కాయితం రాయలేవా?"

ఆ కాయితమే తప్పు, అలాంటిది ఇంకోటి రాయలేను అన్నదే సరైన జవాబు. అది ఆమెతో అనకుండా, చెప్పింది చెప్పినట్టే రాయమని ఇన్స్‌పెక్టరుతో అని, సంతకం పెట్టాను. ఆమె చెప్పు తీసి నా చెంప మీద కొట్టింది. ఇన్స్‌పెక్టరు లేవబోతే చెయ్యి అడ్డం పెట్టి ఆపాను. ఇంకో దెబ్బ పడింది. ఆమె చెయ్యి అలిసేదాకా అలాగే కూర్చున్నాను.