మ్యాట్ మీద ఎల్బీడబ్ల్యూ భావ్

తొంభైల మొదట్లో గల్ఫ్‌లో, రూవి అనే పేటలో మేం అయిదుగురం ఉన్న గదికి కిటికీ ఏసీ ఒకటే ఉండేది. దాని కింద మంచం కూడా ఒకటే. ఆ మంచం నాది. స్టాటిస్టిక్స్‌లో డిగ్రీ చేసినందుకు జీవితం నాకిచ్చిన ప్రతిఫలాల్లో చెప్పుకోదగ్గది అదొక్కటే.

మా కంపెనీకి ఒక క్రికెట్ జట్టు ఉండేది. శుక్రవారాలు కంపెనీల మధ్య ఇరవై ఓవర్ల మ్యాచ్‌లు. వాటి మీద మా గదిలో జరిగేదాన్ని పందెం అనడానికి ఎవరికీ ధైర్యం లేదు. ఆ దేశంలో అది నేరం. గదిలో ఇద్దరికి మతం కూడా ఒప్పుకోదు. అందుచేత డబ్బు ముట్టుకునేవాళ్ళం కాదు. గిన్నెలు తోమే వంతులు కాసేవాళ్ళం. కడప నుంచి వచ్చిన ఏసీ మెకానిక్ భాయ్ దీన్ని ‘వంతుల మార్పిడి’ అనేవాడు. భావ్, అంటే ఏది జరిగితే ఒకటికి ఎన్నింతలు ఇవ్వాలో, పెట్టేది నేను. గెలిచిన వంతులన్నీ కలిసి చివరికి మంచమై కూర్చున్నాయి. ముప్పై వంతులకు మించి నేను ఎవరికైనా బాకీ పడితే, ఆ ఎండాకాలానికి మంచం అతనిది. ఆ నియమం రాసింది నేనే. ముప్పై దాటడం జరిగే పని కాదని నా లెక్క.

మొదటి వికెట్ ఎలా పడుతుంది, ఓపెనింగ్ జోడీ ఎన్ని పరుగులు చేస్తుంది అనే రెండే బజార్లు నడిపేవాణ్ణి. గురువారం సాయంత్రం మైదానానికి వెళ్ళి, సిమెంటు మీద పరిచిన కొబ్బరి పీచు మ్యాట్‌ను మడమతో నొక్కి చూసేవాణ్ణి. మేకులు బిగించి లాగి కడితే బంతి ఛాతీ దాకా లేస్తుంది. వదులుగా ఉంటే ఆగి తిరుగుతుంది. ఆ వారం మ్యాట్ మృదంగంలా బిగిసి ఉంది. అవతలి జట్టులో కొత్త బంతి వేసేది ఒక పొడుగాటి ఫాస్ట్ బౌలరు, కట్టర్లు వేసే ఇంకొకడు. అంటే గ్లోవ్ తగిలి, అంచు తగిలి క్యాచ్‌లు. క్యాచ్‌కి ఒకటిన్నర ఇంతలు కూడా ఎక్కువే. బౌల్డ్‌కి నాలుగు, రనౌట్‌కి ఎనిమిది. ఎల్బీడబ్ల్యూకి మాత్రం ఇరవయ్యొక్కటి. ఎందుకంటే అంత లేచే మ్యాట్ మీద మోకాలికి తగిలిన బంతి స్టంప్స్ పైనుంచి పోతుంది. పైగా మా లీగ్‌లో అంపైర్లు బ్యాటింగ్ చేసే జట్టువాళ్ళే. సొంత మనిషికి వేలెత్తే అంపైరును నేను అప్పటిదాకా చూడలేదు.

జోడీ లెక్క ఇంకా సులువు. మా ఓపెనర్ల సగటు ముప్పై దాకా ఉండేది గానీ, అది ఎప్పుడో ఒక రోజు వంద కొట్టిన పుణ్యం. సగం మ్యాచ్‌ల్లో పద్దెనిమిది లోపే విడిపోయేవారు. బజారు సగటు మీద పెట్టకూడదు, ఆ సగం దగ్గర పెట్టాలి. నలభై దాటుతుందన్నవాడికి నాలుగింతలు ఇచ్చాను.

భాయ్ రోజంతా డాబాల మీద ఎండలో ఏసీలు బాగుచేసి వచ్చి, వంటగది గోడకు ఆనుకున్న మంచం మీద పడుకునేవాడు. ఆ గోడ తెల్లారేదాకా చల్లారేది కాదు. ఆ గురువారం నా భావ్‌లన్నీ విని, “వీటిల్లో అన్నిటికన్నా పెద్దది యాది?” అన్నాడు.

“ఎల్బీ. ఇరవయ్యొకటి.”

“ఆ జోడీ దాంట్లో?”

“నలభై దాటడం. నాలుగు.”

“రెండూ కలిపి ఒకటే ఏసుకో.”

“రెండూ జరగాలి భాయ్, ఒకటి కాదు.”

“నీకేం నొప్పి? జరగకపోతే గిన్నెలు నేనే తోముతా గదప్పా.”

నాలుగూ ఇరవయ్యొకటీ గుణించాను. ఒక వంతుకు ఎనభై నాలుగు. ఆట గురించి అతనికి తెలిసింది బంతి ఎరుపని మాత్రమే. నవ్వు బయటికి రాకుండా ఒప్పుకున్నాను.

శుక్రవారం పొద్దున మైదానానికి వెళ్ళేసరికి మా జట్టులో తొమ్మిది మందే ఉన్నారు. మిగతా ఇద్దరూ కాంక్రీటు పోత అని సహం అనే ఊళ్ళో సైట్‌లో ఇరుక్కుపోయారు. మామూలుగా అంపైర్లుగా నిలబడేది వాళ్ళిద్దరే. అందుచేత మూడో నంబర్ బ్యాట్స్‌మన్ తెల్లకోటు వేసుకుని వెళ్ళాడు. అతను గోదావరి జిల్లా మనిషి, కంపెనీలో స్టోర్‌కీపరు, మా గదివాడే. ఆడేవాళ్ళు వంతులు కాయకూడదన్న నియమం ఉంది కాబట్టి అతనికి మా లెక్కలతో సంబంధం లేదు. కోటు కింద ప్యాడ్లు కట్టుకుని ఉన్నాడు. అది చూశాను. చూసి, మా జట్టు క్రమశిక్షణను మెచ్చుకున్నాను.

ఓపెనర్లలో ఒకరు మా కెప్టెన్, సైట్ ఇంజినీరు గారు. అవుటవడం ఆయనకు ఇష్టముండదు, పరుగెత్తడం అంతకన్నా ఇష్టముండదు. రెండోవాడు కొట్టేవాడు. ఫాస్ట్ బౌలరు బంతి నేననుకున్నంత ఎత్తు లేచింది గానీ ఏ అంచునూ తాకలేదు. కంకర మీద దొర్లి దొర్లి నాలుగు ఓవర్లకే దాని మెరుపు పోయింది. ఇరవై దాటింది. ముప్పై దాటింది. పన్నెండో ఓవర్లో నలభై ఒకటి. అందులో ఇంజినీరు గారివి తొమ్మిది.

నాకు కంగారు లేదు. ఇంకా ఇరవయ్యొకటిలో ఒక వంతు మాత్రమే ప్రమాదం. అప్పుడు అంపైరు వైపు చూశాను. అతను బంతిని చూడటం లేదు. మిగిలిన ఓవర్లు వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటున్నాడు.

రెండు సంగతులకు సంబంధం లేనప్పుడే గుణించాలని కాలేజీలో మొదటి నెలలోనే చెప్పారు. జోడీ ఎంత సేపు నిలబడితే మూడో నంబరు వాడికి అంత తక్కువ ఆట. వాడి చేతిలోనే ఎల్బీ ఉంది. నలభై దాటాక అది ఇరవయ్యొకటి కాదు, రెండో మూడో.

నెమ్మదిగా వెళ్ళి భాయ్ పక్కన కూర్చున్నాను.

“ఇప్పుడే తెంచేసుకుందాం భాయ్. పది వంతులు ఇస్తా.”

“ఏమైందప్పా? గెలుస్తాండానా నేను?”

“అదేం లేదు. స్నేహం కొద్దీ.”

“అట్లయితే వద్దులే. చూద్దాం ఏమయితాదో.”

“ఇరవై.”

“నీ మొగం జూస్తాంటే ఆటకన్నా బాగుంది, ఉండు.”

పదమూడో ఓవరు. ఆఫ్ స్పిన్నరు వచ్చాడు. జోడీ నలభై మూడు. బంతి ఆఫ్ స్టంపు బయట పడి, లేచి, ఇంజినీరు గారి తొడకు తగిలింది. స్టంప్స్‌కు మూరెడు పైనుంచి పోయే బంతి. బౌలరు కూడా సగం గొంతుతోనే అడిగాడు. అడగడం పూర్తికాకముందే వేలు లేచింది. ఇంజినీరు గారు అంపైరును చూసిన చూపులో రాబోయే మూడు నెలల ఓవర్‌టైమ్ మొత్తం ఉంది. అంపైరు కోటు విప్పి ఆయన చేతిలోనే పెట్టి, బ్యాట్ అందుకున్నాడు.

అతను రెండో బంతికే బౌల్డ్ అయి వచ్చాడు. ఊరుకోలేక అడిగాను.

“అదెలా అవుటయ్యా? తొడకు తగిలింది కదా!”

“తగిలింది కదండీ మరి.”

“పైనుంచి పోతోంది!”

“పోతే పోనివ్వండి. నాకూ బ్యాటింగ్ రావాలా వద్దా? పొద్దున్నే లేచి ఇంత దూరం వచ్చింది కోటు తొడుక్కోవడానికాండి? మీకేంటంట మధ్యలో? ఇంజినీరు గారు మీకు బంధువాండీ?”

ఎనభై నాలుగు వంతుల బాకీతో, సాయంత్రం నా పరుపు చుట్టుకుని వంటగది గోడ పక్కకు మారాను. భాయ్ తన సామాను తెచ్చుకుని, ఏసీ కింద చెయ్యి పెట్టి చూసి మొహం చిట్లించాడు. స్క్రూడ్రైవర్ తీసి ముందు పలక ఊడదీశాడు. లోపలి నుంచి రెండేళ్ళ దుమ్ము వచ్చింది. జాలీ కడిగాడు, ఏదో బిగించాడు. పావుగంటలో గది అవతలి మూలన, వంటగది గోడ పక్కన పడుకున్న నేను దుప్పటి వెతుక్కున్నాను.

“ఇన్నాళ్ళూ ఎందుకు చెయ్యలేదు భాయ్?”

“డ్యూటీ అంతా అదే పని గదప్పా. రూమ్‌కొచ్చి నీ మంచానికి గూడా చేయాల్నా?”

ఆ ఎండాకాలమంతా బాగా నిద్రపట్టింది. ఈ సంగతి నేను అతనికి చెప్పలేదు. చెబితే మంచం తిరిగిచ్చేసేవాడేమో.