నాలుగు వేల బోల్టుల లోటు

మా గోడౌన్‌లో ఆవిణ్ణి అందరూ ఎదురుగా అక్కయ్య అంటారు, వెనకాల అనుమానాలక్కయ్య అంటారు. నేను రెండూ ఎదురుగానే అంటాను. నా నోరు అలాంటిది. ఆవిడ స్టాక్ కంట్రోలర్. అంటే అరల్లో ఉన్న సరుకూ కంప్యూటర్లో ఉన్న లెక్కా ఒకటేనా కాదా అని ఏడాది పొడుగునా కాపు కాయడం ఆవిడ ఉద్యోగం. తేడా వస్తే కారణం ఆవిడ రాయాలి, మేనేజరు సంతకం పెట్టాలి, ఆ తర్వాత నేను కంప్యూటర్లో సర్దాలి. సంతకం లేకుండా ఒక్క మేకుని కూడా లెక్కలోంచి తీసే అధికారం నాకు లేదు.

ఆవిడ అనుమానం గురించి చెప్పాలంటే రోజు చాలదు. టీలో చక్కెర కాస్త ఎక్కువ పడితే "ఏం కావాలే నీకు?" అని అడుగుతుంది. ఎవరైనా నవ్వుతూ పలకరిస్తే ఆ మనిషి వెళ్లేదాకా సొరుగు మీంచి చెయ్యి తీయదు. అలాంటి మనిషి, తల్లి పోయాక తమ్ముణ్ణి ఒంటిచేత్తో పెంచింది. వాడు తినకుండా తను ముద్ద ఎత్తేది కాదట. వాడికి ఇక్కడే స్టోర్ కీపర్ ఉద్యోగం వేయించింది కూడా ఆవిడే. వేయించిన రోజే మేనేజరుతో చెప్పేసింది, "సార్, వాడి అరలు నేను లెక్కపెట్టను, వేరేవాళ్ల చేత పెట్టించండి" అని. మాట పడటం ఆవిడకి చావుతో సమానం.

ఏడాది చివరి లెక్కింపు రోజు షట్టర్లు దించేశారు. లోపలికి సరుకు రాకూడదు, బయటికి పోకూడదు. ఇద్దరిద్దరు చొప్పున అరల వెంట తిరిగారు. వాళ్ల చేతుల్లోని కాగితాల మీద సరుకు పేరే ఉంటుంది, కంప్యూటర్లో ఎంతుందో ఉండదు. ఉంటే లెక్కపెట్టే శ్రమ ఎవడు పడతాడు, ఆ అంకే వేసేసి టీకి పోతారు! బోల్టులూ నట్లూ లాంటివి చేత్తో లెక్కపెట్టలేం కాబట్టి కాటా మీద పెడతారు. ఒక్కో ముక్క బరువు ఎంతో కాటాకి ముందే చెప్పి ఉంచితే, డబ్బాలో ఎన్నున్నాయో అదే చూపిస్తుంది.

మధ్యాహ్నానికి తేడాలు బయటపడ్డాయి. చాలావరకు చిల్లర మల్లరవే. ఒక పెట్టె పక్క అరలోకి పోయింది, ముందురోజు దిగిన సరుకు ఒకటి కంప్యూటర్లోకి ఎక్కలేదు. జిగురు డబ్బాలు కొన్ని రాయిలా గట్టిపడ్డాయి. అక్కయ్య ప్రతి మూతా తీయించి చూశాకే పాడైన సరుకని రాసింది, మేనేజరు సంతకం పెట్టాడు, నేను నష్టం కింద ఎక్కించాను.

ఆ తర్వాత బోల్టులు వచ్చాయి. కంప్యూటర్లో యాభై వేలు, కాటా మీద నలభై ఆరు వేలు. ఇంకో జంటను పంపి మళ్లీ తూయించారు. అవే నలభై ఆరు. వచ్చిన సరుకు రసీదులూ, ఇచ్చిన సరుకు చీటీలూ అన్నీ తిరగేశాం. ఎక్కించకుండా మిగిలిపోయింది ఒక్కటీ లేదు. ఆ బోల్టులున్న అర తమ్ముడిది.

అతను మేడ మీద మా ఆఫీసు గది తలుపు దగ్గర నిలబడ్డాడు. "నేను తీయలేదక్కా. చిన్న సరుకు, దొర్లిపోతుంటాయి. వాడకంలో నష్టం అని రాసెయ్. సారు సంతకం పెడతానన్నారు."

"నాలుగు వేలు దొర్లిపోయాయా? కాళ్లొచ్చాయా వాటికి?"

మేనేజరు నచ్చజెప్పబోయాడు. "నా సంతకంతో తీసెయ్యగలిగిన మొత్తమేనమ్మా. మీరు ఏదో ఒక కారణం రాస్తే కొట్టేద్దాం. 'కారణం తెలియదు' అని రాస్తే మాత్రం పైఆఫీసుకి పోతుంది. మొదట ఊడేది ఇతని ఉద్యోగమే."

ఆవిడ కలం ముట్టుకోలేదు. తమ్ముణ్ణే చూస్తోంది. "నీకెందుకురా ఇంత తొందర? ఆ కొత్త స్కూటరు ఎక్కడిది?"

అతని మొహం పాలిపోయింది. "ఓవర్‌టైం చేశానక్కా. నీకు తెలుసుగా."

నాకు ఒళ్లు మండిపోయింది. "అక్కయ్యా, మనిషివా నువ్వు? సొంత తమ్ముడు! ఒక్క ముక్క రాస్తే బతికిపోతాడు కదా!"

"సొంత తమ్ముడు కాబట్టే రాయను," అంది. లేచి మెట్లు దిగింది. ఆ అర దగ్గరికి ఆవిడ వెళ్లడం అదే మొదటిసారి.

టార్పాలిన్ పరిపించి డబ్బాలన్నీ బోర్లించమంది. చేత్తో లెక్కపెట్టాలట! అందరూ గొణుక్కుంటూనే కూర్చున్నారు. తమ్ముడు కూడా వంగి చెయ్యి పెట్టబోతే, "నువ్వు ముట్టుకోకు," అంది. అతను చెయ్యి వెనక్కి తీసుకుని గోడకి ఆనుకున్నాడు. అతని కళ్లు చూడలేక నేను తల తిప్పేసుకున్నాను.

వంద బోల్టులు లెక్కపెట్టి సంచిలో పోసి, సరిచూద్దామని కాటా మీద పెట్టాను. తొంభై రెండు అని చూపించింది. నేనే తప్పు లెక్కపెట్టానేమో అనుకుని మళ్లీ లెక్కపెట్టాను. వందే. కాటా తొంభై రెండే అంటోంది.

అక్కయ్య ఆ కాటా వంక చూస్తూ ఉండిపోయింది. ఈ ఏడాది వచ్చిన బోల్టులు కొత్త కంపెనీవి, పాతవాటికన్నా తేలిక. కాటాలో ఉన్నది పాత బోల్టు బరువు. తూకానికి ముందు కొన్ని చేత్తో లెక్కపెట్టి, వాటి బరువు కొత్తగా ఎక్కించాలని రూలు. పని త్వరగా తెమలాలని ఆ రోజు పాత బరువులే ఉంచి, కాటాను కిందికి పంపింది ఆవిడే. లోకంలో అందర్నీ అనుమానించే మనిషి, తను బరువులు పెట్టిన కాటాని మాత్రం అనుమానించలేదు.

సరైన బరువు ఎక్కించి, ఉన్నవన్నీ మళ్లీ తూశాం. యాభై వేలకి పదీ పదిహేను అటూ ఇటూ. కొట్టేయాల్సింది ఏమీ లేదు.

మేనేజరు ఊపిరి పీల్చుకున్నాడు. "అమ్మయ్య! సంతకం పెట్టుంటే కొంప మునిగేది. నాలుగు వేల బోల్టులు అరలో ఉంటూనే లెక్కలో లేకుండా పోయేవి. ఎవరు ఎత్తుకుపోయినా అడిగే దిక్కుండేది కాదు."

ఆ మాట వినగానే అక్కయ్య కళ్లు తమ్ముడి మీదకి వెళ్లాయి. చూసింది, అంతే. కానీ ఆ చూపు అందరం చూశాం. అతనూ చూశాడు.

"ఇప్పుడు కూడానా, అక్కా?" అన్నాడు. "కాటా మాట రెండుసార్లు నమ్మావు. నేను తీయలేదని చెబితే ఒక్కసారైనా నమ్మలేదే."

తాళంచెవుల గుత్తి టార్పాలిన్ మీద పెట్టి, బయటికి నడిచాడు. స్కూటరు చప్పుడు కూడా వినపడలేదు. నడిచే వెళ్లిపోయినట్టున్నాడు.

ఆవిడ పైకి వచ్చి తేడా కాగితం మీద కారణం రాసింది. 'లెక్కింపులో పొరపాటు. బాధ్యత స్టాక్ కంట్రోలర్‌ది.' కింద సంతకం పెట్టి నా ముందుకు తోసింది. ఇందులో నేను ఎక్కించాల్సింది ఏమీ లేదు.

"నువ్వెళ్లి వాడు ఎటు పోతున్నాడో చూసి రావే," అంది మెల్లిగా.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఇంకా కాపు కాయాలా వాణ్ణి? సిగ్గులేదూ నీకు?"

"కాదే తల్లీ," అంది. "పొద్దున్నుంచీ ఏమీ తినలేదు వాడు."

ఆ మాట నిజమా, లేక ఇంకేదైనా కనిపెట్టడానికి పంపుతోందా అని నేను ఆవిడ మొహంలోకి అనుమానంగా చూశాను. అది ఆవిడ గమనించింది. మొహం పక్కకి తిప్పుకుంది.