సదయ్య నీడలో నాలుగు షిఫ్టులు

గోదావరిఖని బొగ్గు ప్లాంటులో బొగ్గు మోసే మూడో నంబరు బెల్టు సదయ్యది. కాగితాల మీద కంపెనీదే కానీ, ముప్పై ఏళ్లుగా దాని చప్పుడు వింటూ బతికినవాడికి ఆ తేడా పట్టదు. ఒకసారి రోలరు బేరింగు మూలుగుతుంటే గంగ, అంటే గోదావరి, అవతలి ఒడ్డున పెళ్లి భోజనం చేస్తున్న తనకు వినబడిందట. విస్తరి ముందు నుంచి లేచొచ్చి బెల్టు ఆపించాడట. పెళ్లికూతురి పేరు మాత్రం అడిగినప్పుడల్లా మారుతుంటుంది.

ఈ మధ్య ఆయన ఎడమ మోకాలు మాట వినడం లేదు. రిటైరు కావడానికి ఇంకా పద్నాలుగు నెలలున్నాయి. మోకాలి సంగతి బయటపడితే దవాఖానకు పంపుతారు, బెల్టు మీద నుంచి తీసి ఏ గేటు దగ్గరో కూర్చోబెడతారు. అందుకే సదయ్య కుంటడం ఇంట్లోనే, చెప్పులు విడిచాకే.

అట్లాంటి రోజుల్లో ఫస్ట్ షిఫ్టులో ఇన్‌చార్జి వేణుమాధవ్ ఒక అమ్మాయిని వెంటబెట్టుకొచ్చాడు.

"సదయ్యా, ఈమె లిల్లీ. వాళ్ల నాయిన నౌకరి ఈమెకు వచ్చింది. ట్రైనింగ్ సెంటర్ల చదువు అయిపోయింది. ఇగ నాలుగు షిఫ్టులు నీ నీడల ఉంటది. ఎట్ల నేర్పుతవో ప్లాను నువ్వే చెప్పు."

"మొదటి షిఫ్టు చేతులు కట్టుకొని చూడాలె. రెండోది, నేను చేసేది ఈమె నోటితోని చెప్పాలె. మూడోది, ఈమె చేస్తది, నేను పక్కన్నే ఉంట. నాలుగోది, నేను ఎనక నిలబడి నోరు మూసుకుంట. తప్పు జేస్తెనే ఆపుత."

"నాలుగోదే కష్టం. నీ నోరు గద, మూసుకునుడు!" అని నవ్వి వేణుమాధవ్ వెళ్లిపోయాడు.

సదయ్యకు నవ్వు రాలేదు. నాలుగు షిఫ్టుల తర్వాత ఈ బెల్టుకు తనతో పనేముంది? పైగా ఆ అమ్మాయి జేబులోంచి చిన్న నోటుబుక్కు తీసింది. ఆయన రోలర్లకు అడ్డంగా బిగించిన ఇనుప గార్డులు చూశాడు, రాసింది. సైరన్ కొట్టాడు, రాసింది. ఖాళీ బెల్టు నడిపి, పక్కనే బారుగా ఉన్న తాడు లాగాడు. బెల్టు ఆగింది, అదీ రాసింది. మనిషి బెల్టులో చిక్కుకుంటే ఆపేది ఆ తాడే. బెల్టుకు అటొకటి, ఇటొకటి ఉంటాయి.

"నేను దగ్గినా రాస్తున్నది," అన్నాడు సాయంత్రం భార్య అనసూర్యతో.

"నీ దగ్గు రాయాలంటే గా బుక్కు చాలది. కాలు ముందుకు పెట్టు, నూనె రాస్త."

"సారే పంపిండు. నా కాలు మీద రిపోర్టు రాపిస్తున్నడు."

రెండో షిఫ్టులో లిల్లీ నీళ్లు తేవడానికి వెళ్లినప్పుడు నోటుబుక్కు బల్లమీద తెరిచే ఉంది. సదయ్య మెడ సాచాడు. కళ్లద్దాలు లేకపోయినా ఒక వాక్యం కంటబడింది: 'కాక అటు పోతలేడు.'

కాక అని లిల్లీ పిలిచేది తననే. ఇంకేం కావాలి? ఆ రాత్రి పక్కమీద ఆయనకు గేటు దగ్గరి కుర్చీ, దాని విరిగిన చెయ్యి కూడా కనబడ్డాయి.

మూడో షిఫ్టు. ఇవాళ లిల్లీ చేయాలి. ఒక్క తప్పు దొరికితే చాలు, సారుకు చెప్పి వేరే బెల్టుకు పంపించాలని సదయ్య కాచుకుని ఉన్నాడు. ఆమె గార్డులు చూసింది. సైరన్ కొట్టి ఆగింది. ఖాళీ బెల్టు నడిపి ఇటు తాడు లాగింది. బెల్టు ఆగింది. తాడు స్విచ్చి మళ్లీ సరిచేసి, బొగ్గు వదలమని చెప్పడానికి ఫోను అందుకుంది.

"ఆగు!" అన్నాడు సదయ్య. గొంతులో సంతోషం దాగలేదు. "అటు పక్క తాడు ఎవలు చూస్తరు?"

లిల్లీ తెల్లబోయింది. "అది చూసేది లేదు గద కాక?"

"ఎవలు చెప్పిన్రు?"

"మీరే. రెండు షిఫ్టులు మీరు ఇటుదే లాగిన్రు." నోటుబుక్కు తీసి చూపింది. 'కాక అటు పోతలేడు. అటు తాడు మనది కాదేమో. అడగాలె.'

"మరి అడగకపోతివి?"

"మీరు నన్ను దొంగను చూసినట్టు చూస్తున్నరు. ఎట్ల అడగాలె?"

సదయ్య అటు పక్క తాడు వైపు చూశాడు. అటు వెళ్లాలంటే బెల్టు మీది వంతెన ఎక్కి దిగాలి. పన్నెండు మెట్లు అటు, పన్నెండు ఇటు. ఎప్పటి నుంచి ఎక్కడం మానేశాడో ఆయనకే గుర్తు లేదు.

"బెల్టు ఖాళీగనే నడుపు. నువ్వు గీ తాడు కాడనే ఉండు. నేను చెయ్యెత్తితె లాగు," అని మెట్లెక్కాడు. ఈసారి కుంటడం దాచలేదు, దాచే వీలూ లేదు.

అవతల తాడు పట్టి లాగాడు. అది బట్టలారేసే దండెంలా వదులుగా చేతిలోకి వచ్చింది. బెల్టు పరుగెడుతూనే ఉంది. ఇంకోసారి లాగాడు. ఆగలేదు. చెయ్యెత్తాడు. లిల్లీ ఇటు తాడు లాగింది, అప్పుడు ఆగింది.

ఆ నిశ్శబ్దం, గంగ అవతలి నుంచి వినగలిగే మనిషి చెవులకు కూడా చాలా గట్టిగా వినిపించింది.

బెల్టు ఆపేసి, ఎలక్ట్రీషియన్‌ను పిలిచి తాడు బాగు చేయించారు. రిజిస్టరులో 'ఈ రోజు చెడిపోయింది' అని రాస్తే సరిపోయేది, అడిగేవాళ్లు లేరు. లిల్లీ చూస్తుండగా సదయ్య రిజిస్టరు ముందుకు లాక్కుని పెన్ను తీశాడు. ఇలా రాశాడు: 'అటు తాడు పనిచేయలేదు. మోకాలి నొప్పితో నేను దాన్ని చూడక ఎన్నాళ్లయిందో చెప్పలేను.'

వేణుమాధవ్ రెండుసార్లు చదివాడు. "దవాఖాన తప్పదు సదయ్యా. గీ రాత రాసినంక నేను పంపకుండ ఉండలేను."

"పంపు సారు. కని ఆ రెండు షిఫ్టులు లెక్కల్లేవు. నేను తప్పు చూపిస్తె తప్పే నేర్చుకున్నది. మల్ల మొదటి నుంచి చూపెట్టాలె."

దవాఖాన తారీఖు పది రోజుల తర్వాత పడింది. మరుసటి ఫస్ట్ షిఫ్టులో సదయ్య వంతెన ఎక్కాడు. వెనకాల లిల్లీ, ఆమె చేతిలో నోటుబుక్కు. నాలుగు మెట్లెక్కి ఆయన అనుమానంగా తిరిగి చూశాడు.

"ఇప్పుడేం రాస్తున్నవ్?"

"కాక అటు పోయిండు. మెట్టుమెట్టుకు తిట్టిండు."

"తిట్లు కొట్టెయ్. ప్లానుల లేవు గవి."