నాన్న పావుగంట, వదిన ఒంటిగంట

మా నాన్న ఉన్నన్నాళ్ళూ హాల్లో గోడ గడియారం పావుగంట ముందే నడిచేది. ఎవరూ దేనికీ ఆలస్యం కాకూడదని ఆయనే తిప్పి పెట్టేవారు. మేమంతా ఆ పావుగంట తీసేసుకునే చూసేవాళ్ళం, కాబట్టి ఒరిగిందేమీ లేదు. కాపురానికొచ్చిన కొత్తలో మా వదిన మాత్రం దాన్ని నమ్మి, బస్టాపులో కాళ్ళు పీకేలా నిలబడేది.

వదిన మ్యాపులు గీసేది. ఆఫీసు మూతపడ్డాక ఏడాదిపాటు ఖాళీ. ఎన్ని అప్లికేషన్లు పెట్టినా ఉలుకూ పలుకూ లేదు. నవ్వడమే మరిచిపోయిందని నాకు బెంగగా ఉండేది. అప్పుడు దూరదేశపు కంపెనీ నుంచి, ఉద్యోగులను ఎంపిక చేసే ఆవిడ మెయిలు పంపింది. ఇంటి నుంచే చేసే పని. వచ్చే వారం ఇంటర్వ్యూకి వీలైన మూడు సమయాలు చెప్పమంది. వాళ్ళు మనకన్నా ఐదున్నర గంటలు వెనక. వదిన లెక్కగట్టి, పాపం వాళ్ళకు శ్రమెందుకని, వాళ్ళ టైములోనే రాసి పంపింది. మంగళవారం మధ్యాహ్నం ఒంటిగంట ఖాయమైంది. అంటే మనకు సాయంత్రం ఆరున్నర.

ఆదివారం సాయంత్రం నాన్న ఊసుపోక, అక్కడిప్పుడు ఎంతయిందని అడిగారు. ఫోన్లో చూస్తే తేడా నాలుగున్నర గంటలే! ఫోను పాడైందన్నాను నేను. వదిన ముఖంలో నెత్తురుచుక్క లేదు. వెతికితే తెలిసింది: వేసవి వస్తోందని ఆ దేశమంతా ఆ తెల్లవారుజామునే గడియారాలు గంట ముందుకు తిప్పేసింది. వదిన చూసుకున్నది మెయిలు రాసిన నాటి తేడా, ఇంటర్వ్యూ నాటిది కాదు. వాళ్ళ ఒంటిగంట మనకు ఐదున్నరే. ఆరున్నరకి కూర్చుంటే అక్కడ ఖాళీ కుర్చీ కనిపించేది.

"దేశం దేశమే తిప్పుకుంటోందా? నన్నేమో చాదస్తం అన్నారు గదే," అన్నారు నాన్న.

వదిన ఏడుస్తూనే నవ్వింది. ఆ నవ్వు కోసం నేనెంత మొహం వాచి ఉన్నానో అప్పుడే తెలిసింది. వెంటనే మళ్ళీ రాసింది: మంగళవారం, తేదీ, మీ ఊళ్ళో మధ్యాహ్నం ఒంటిగంట, మా ఊళ్ళో సాయంత్రం ఐదున్నర, సరేనా? సరేనని జవాబొచ్చింది. ఈ వారం చాలామంది పొరబడతారని కూడా రాసిందావిడ.

మంగళవారం నాన్న స్టూలెక్కి గోడ గడియారాన్ని సరైన టైముకి తిప్పారు.

"ఈ ఒక్కరోజుకేనమ్మా. నీకు తికమక ఉండకూడదు."

ఉద్యోగం వచ్చింది. మర్నాడే గడియారం మళ్ళీ పావుగంట ముందుకెళ్ళింది.

నాన్న పోయిన ఏడాది అది ఆగిపోతే, అన్నయ్య కొత్త బ్యాటరీ వేసి సరైన టైము పెట్టాడు. వాడు బయటికెళ్ళాక వదిన స్టూలు తెచ్చుకుని, ముల్లును పావుగంట ముందుకు జరిపింది.