తల్లి బుడగలో హంతకుడి మాట

మా ఆఫీసులో బొమ్మల కథలకు అక్షరాలు పేర్చే పెద్దాయనను అందరం సున్నం మావయ్య అంటాం. పరభాషా పుస్తకం పేజీ కంప్యూటర్ తెర మీదికి రాగానే మాటల బుడగలో అక్షరాలను తెల్లరంగుతో కప్పేస్తాడు. బుడగ గీతను మాత్రం చెక్కుచెదరనివ్వడు. ఆ ఖాళీలో మన మాటలు పేరుస్తాడు. పైనా కిందా పొట్టి వరుసలు, నడుమ పొడుగువి.

"కథ నాకెందుకమ్మా? బుడగలో మాట కుదిరిందా లేదా, అంతే," అనేవాడు.

నిన్న అచ్చయిన పుస్తకం వచ్చింది. పేజీ తిప్పి కొయ్యబారిపోయాను. కొడుకు శవాన్ని ఒళ్ళో పెట్టుకున్న తల్లి "చంపింది నేనే" అంటోంది. గుమ్మంలో కత్తి పట్టుకున్నవాడు "కళ్ళు తెరవరా నాన్నా" అంటున్నాడు.

ఆ పుస్తకాన్ని కుడి నుంచి ఎడమకు చదవాలి. అనువాదకురాలు మాటలను ఆ వరుసలోనే రాసిచ్చింది. ఆ ఒక్క పేజీలో మావయ్య అలవాటుకొద్దీ ఎడమ నుంచి పేర్చాడు.

"ఒక్కసారి చదివుంటే మీ సొమ్మేం పోయేది మావయ్యా?" అని అరిచాను.

ఆయన పేజీ అందుకుని, తను పేర్చిన మాటలను మొదటిసారి చదివాడు. వేలు తల్లి బుడగ మీదే ఆగిపోయింది. అందులో ఒక్క అక్షరమైనా గీతకు తగల్లేదు.